తంగేడు దొరకని చోట బతుకమ్మ

సద్దుల బతుకమ్మ నాడు హైదరాబాద్‌లో సాయంత్రం ఆరవుతుంటే న్యూయార్క్‌లో పొద్దున ఎనిమిదిన్నర. ఇక్కడ వాకిట్లో పేర్చిన బతుకమ్మ ఫొటో అక్కడ పొద్దుటి కాఫీ వేళకు చేరుతుంది. చూసిన ఆడబిడ్డ మొదట అడిగేది సాధారణంగా పూల సంగతే: ఈసారి గునుగు బాగా దొరికిందా, తంగేడు ఎన్ని వరుసలొచ్చింది, గౌరమ్మను ఎవరు చేశారు. ఊరి పండుగ ఆమెకు చేతుల్లో గుర్తుంటుంది. పరాయి దేశంలో బతుకమ్మ పేర్చాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేదీ ఆ గుర్తే.

ఊళ్లో పేర్చేటప్పుడు తాంబాలంలోనో వెదురు సిబ్బిలోనో ముందుగా గుమ్మడాకులు పరుస్తారు. గునుగు పూలను చిన్న చిన్న కట్టలుగా కట్టి, కాడల చివర్లు సమంగా కోసి, కొన్నింటికి రంగు అద్దుతారు. పూల తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా గుండ్రంగా ఒక వరుస. దానిపై తంగేడు, ఆపైన బంతి, మళ్లీ గునుగు. వరుస వరుసకూ చుట్టు కొంచెం తగ్గుతూ పోతుంది. చూసేవాళ్లకు కనిపించని పని నడుమన ఉంటుంది. అక్కడ ఆకులు, కోసిన కాడల ముక్కలు కూరి, ప్రతి వరుసకూ అరచేత్తో అదమాలి. ఆ కూరుడు వదులైతే నాలుగో వరుసకే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పైన ఎన్ని పూలు పెట్టినా ఆ వంకర పోదు. చివరకు శిఖరాన పసుపు గౌరమ్మను నిలుపుతారు.

విదేశంలో ఈ పద్ధతికి మొదటి చిక్కు కాడల దగ్గరే వస్తుంది. అంగడిలో దొరికే చామంతి, బంతి తలలు బరువు, కాడలు పొట్టి. లోపల పట్టు లేక జారిపోతాయి. అందుకే చాలామంది మధ్యలో అట్టతో చేసిన గొట్టం నిలబెట్టి దాని చుట్టూ పేరుస్తారు. పూలు గుచ్చే స్పాంజి వాడితే పని సులువే కానీ అది మట్టిలో కలవదు, నీళ్లలో వదలకూడదు. అంతకంటే అట్టే నయం.

తంగేడుకు సరైన బదులు లేదు. అమెరికా తూర్పు ప్రాంతాల్లో సరిగ్గా ఆ రోజుల్లోనే గోల్డెన్‌రాడ్ అనే పసుపు పువ్వు రోడ్ల పక్కన విరగబూస్తుంది. దూరం నుంచి చూస్తే తంగేడు పొద లాగే అనిపించి కారు నెమ్మదిస్తుంది. దగ్గరికెళ్తే పువ్వు మరీ సన్నం. పైగా చాలా పార్కుల్లో పూలు తెంపనివ్వరు.

గునుగు కథ మాత్రం తమాషాగా తిరిగింది. తెలంగాణలో జొన్న, మొక్కజొన్న చేలల్లో రైతు పీకి పారేసే కలుపు అది. దాన్నే విదేశాల నర్సరీలు సెలోసియా పేరుతో కుండీల్లో పెట్టి అమ్ముతాయి. చేలో తిట్లు తిన్న మొక్కను డాలర్లు పెట్టి కొనుక్కుని, ఆ సంగతి అమ్మకు ఫోన్లో చెప్పి నవ్వించడం ఇలాంటి ఇళ్లలో ఏటా ఉండే ముచ్చట.

కుండీలు కొనేకంటే విత్తడం చౌక. గునుగు చలికి తట్టుకోదు, మంచు పడితే చచ్చిపోతుంది. చల్లని ప్రాంతాల్లో మంచు భయం తీరాక, సాధారణంగా మే నెలలో, నేల వెచ్చబడ్డాకే గింజ వేయాలి. పూతకు సుమారు మూడు నెలలు పడుతుంది. జూలైలో వేస్తే పండుగ నాటికి మొగ్గ దాటకపోవచ్చు.

తేదీ కూడా ఒక్కోసారి తికమక పెడుతుంది. అమావాస్య ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారమే వేరు. హైదరాబాద్‌లో ఉదయం ఆరుకు ముగిసే తిథి న్యూయార్క్‌లో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకే అయిపోతుంది. అందుకే ఎంగిలిపూల నాడు ఊరి క్యాలెండర్‌ను అలాగే పట్టుకుంటే ఒక రోజు తేడా రావచ్చు. ఇంట్లో తిథి ప్రకారం చిన్న బతుకమ్మ పేర్చి, పదిమందితో ఆడడానికి శని, ఆదివారాల్లో హాలు మాట్లాడుకోవడం చాలాచోట్ల కుదిరిన మధ్యేమార్గం. అలిగిన బతుకమ్మ నాడు అసలు పేర్చరు కాబట్టి ఆ రోజు ఆఫీసు పని ఎంతున్నా ఇబ్బంది లేదు.

ఆట అయ్యాక సత్తుపిండి, మలీద పంచుకుంటారు. చెరువు లేదు కాబట్టి పెద్ద టబ్బులో నీళ్లు పోసి బతుకమ్మను అందులోనే సాగనంపుతారు. మర్నాడు గొట్టం తీసేసి, పూలను పెరటి ఎరువు కుప్పలో వేస్తారు. వేసేముందు బాగా ముదిరిన గునుగు కంకులను పక్కకు తీసి, ఆరబెట్టి, కాగితంపై దులిపితే నల్లగా మెరిసే సన్నని గింజలు రాలుతాయి. వాటిని పొట్లం కట్టి, వచ్చే మే నెల కోసం దాచుకుంటారు.