పన్నెండుకీ వందకీ మధ్య ఒక అకౌంటెంట్

నమూనాగా ఒక ఉత్తరం తీసుకుందాం. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసే ముప్పై ఏళ్ల అకౌంటెంట్ కెరీర్ కౌన్సెలర్‌కి ఇలా రాసింది: “జీతం సరిపోతోంది మేడమ్, ఇంట్లో గొడవల్లేవు. అయినా ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి గాభరా మొదలవుతుంది. డ్యూ డేట్ల ఒత్తిడే కారణమనుకుంటున్నాను. వేరే ఉద్యోగం చూసుకోమంటారా? అసలు కారణం ఎలా తెలుస్తుంది?”

ఉద్యోగం మానాలా వద్దా అన్నది తర్వాతి మాట. ముందు ఒక నెల లెక్క రాయాలి. సెప్టెంబరు వద్దు. ట్యాక్స్ ఆడిట్ల హడావిడిలో ఎవరి మనసైనా చెదురుతుంది. నవంబరు లాంటి మామూలు నెల మేలు. రోజూ రాత్రి మూడు సంగతులు రాయాలి: ఆ రోజు అశాంతికి సున్నా నుంచి పదిలోపు ఒక మార్కు, ఎక్కువసేపు చేసిన పని, నిద్రపోయిన గంటలు. పాత మార్కులు వెనక్కి తిప్పి చూడకూడదు. వారం మొత్తానికీ ఒకేసారి నింపితే ఆ పుస్తకం దండగ.

ఆమె 24 పనిదినాలకు రాసిందనుకుందాం. మార్కులన్నీ కలిపితే 132, అంటే సగటు 5.5. ఈ సగటు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, విడగొట్టాలి. మొదట ఆమె అనుమానాన్నే పరీక్షిద్దాం. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, 20న 3బీ. ఆ తేదీలూ, వాటి ముందు రెండేసి రోజులూ కలిపి, ఆదివారాలు తీసేస్తే 10 పనిదినాలు. వాటి సగటు 5. మిగతా 14 రోజుల సగటు దాదాపు 5.9. డ్యూ డేట్లే కారణమైతే ఇది తలకిందులుగా ఉండాలి. ఇంత తక్కువ రోజుల లెక్కలో 0.9 తేడా మీద ఏదీ నిలబెట్టలేం కానీ, ఒత్తిడి మీద పడ్డ అనుమానం మాత్రం చాలావరకు తీరిపోయింది.

ఇప్పుడు పనిని బట్టి విడగొడదాం. రోజంతా టాలీలో బిల్లులు ఎక్కించిన రోజులు 15, సగటు 7. పార్టీలతో మాట్లాడి 2బీ తేడాలు తేల్చినవి, నోటీసులకు జవాబులు రాసినవి 9, సగటు 3. నాలుగు మార్కుల తేడా! డ్యూ డేట్ల రోజుల్ని మాత్రమే తీసుకుని చూసినా, ఎంట్రీలు వేసిన 5 రోజులకు 7, తేడాలు తేల్చిన 5 రోజులకు 3 వస్తే ఈ ఆధారం ఇంకా గట్టిపడుతుంది.

ఎంట్రీల్లో అంత లోపమేముంది? 1970లలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే అమెరికన్ పరిశోధకులు పనికి ఐదు గుణాలు చెప్పారు: నైపుణ్యాల్లో వైవిధ్యం, మొదటినుంచీ చివరిదాకా మనమే చేయడం, ఎదుటివాళ్లకు దాని ప్రాముఖ్యం, మన నిర్ణయానికి చోటు, బాగా చేశామో లేదో తెలియడం. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. మొదటి మూడింటి సగటును నాలుగోదానితో, ఆ వచ్చినదాన్ని ఐదోదానితో గుణించాలి. నిండు మార్కులొస్తే 343.

ఎంట్రీలకు ఆమె వరుసగా 2, 2, 2, 2, 3 వేసుకుంటే 2 × 2 × 3, అంటే 12. నోటీసు జవాబుకు 5, 6, 4, 4, 5 వేస్తే 5 × 4 × 5, అంటే 100. అదే ఆఫీసు, అదే కుర్చీ. గుణించడం వల్ల ఈ తేడా పెద్దదిగా కనిపిస్తుంది. కేవలం కూడినా అంచనా అంతే బాగా వస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. కాబట్టి 12, 100 అంకెల్ని పట్టుకు వేలాడక, ఏ గుణానికి తక్కువ మార్కులు పడ్డాయో చూడాలి. ఇక్కడ ఎంట్రీలకు ఐదింటిలోనూ తక్కువే.

సెలవు రోజుల్లో పొద్దున, సాయంత్రం విడివిడిగా మార్కులు వేసి చూడాలి. ఆదివారం పొద్దున 2, సాయంత్రం 6 ఉంటే వేళ్లు పనిలోనే ఉన్నాయనుకోవచ్చు. సెలవులోనూ మార్కు 7 నుంచి తగ్గకపోతే, నిద్ర చెడితే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే కౌన్సెలర్ కంటే ముందు డాక్టరు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలడిగే పీహెచ్‌క్యూ-9 పట్టికలో 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడటం అవసరం. చనిపోవాలన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తం కూడేదాకా ఆగకూడదు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు.

ఈమె విషయంలో మాత్రం ఆడిటర్ గారిని అడగాల్సింది ఒకటే: “సార్, ఎంట్రీలు సగం కొత్తగా చేరినవాళ్లకిచ్చి, ఒక నాలుగు పార్టీల ఫైళ్లు పూర్తిగా నాకప్పగించండి.” ఒప్పుకుంటే ఫిబ్రవరిలో అదే పుస్తకం మళ్లీ రాయాలి. సగటు 5.5 నుంచి దిగకపోతే కారణం ఇంకా దొరకలేదన్నమాట. ఆయన ఒప్పుకోకపోతే వేరే ఆఫీసు వెతుక్కోవచ్చు. ఇంటర్వ్యూలో జీతంతో పాటు, రోజులో ఎన్ని గంటలు ఎంట్రీలకు పోతాయో కూడా అడగాలి.