మత్తులో చెప్పిన మాట చెల్లుతుందా?

ఏదైనా పెద్ద హత్య కేసు బయటపడితే చాలు, రెండో రోజుకల్లా టీవీ చర్చలో ఎవరో ఒకరు అంటారు: ‘నార్కో చేస్తే నిజం కక్కేస్తాడు’ అని. ఆ కక్కించే మందు సోడియం పెంటథాల్. ఆపరేషన్‌కు ముందు మత్తివ్వడానికి ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి వాడిన మందే. నార్కోలో మాత్రం మనిషి పూర్తిగా నిద్రపోకూడదు. మత్తు డాక్టరు గుండెనూ బీపీనీ కనిపెట్టుకుంటూ కొద్దికొద్దిగా ఎక్కిస్తాడు. నిద్రకూ మెలకువకూ మధ్య తూగుతున్న మనిషిని ప్రశ్నలడుగుతూ వీడియో తీస్తారు.

ఆ స్థితిలో నోరు వదులవుతుంది. అంతమాత్రాన వచ్చేదంతా నిజం కాదు. కల, భయం, నిన్న స్టేషన్లో పదేపదే విన్న మాట, అన్నీ కలగలిసి వస్తాయి. ‘కత్తి బావిలో వేశావా?’ అంటే ‘ఊఁ’ అంటాడు. అది జ్ఞాపకమో, అడిగినవాడి మాటకు తలూపడమో వీడియో చూసి తేల్చలేం. మత్తులోనూ అబద్ధమాడగలిగిన ఘనులున్నారు.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ ముడినే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. కాబట్టి నార్కో అయినా, లై డిటెక్టర్ అయినా, బ్రెయిన్ మ్యాపింగ్ అయినా మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని తీర్పిచ్చింది.

ఒప్పుకోవడమంటే స్టేషన్లో తెల్లకాగితం మీద సంతకం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో పెట్టిన నియమాల ప్రకారం ఆ మాట మేజిస్ట్రేటు ముందు చెప్పాలి, పక్కన లాయరుండాలి. పరీక్షలో ఏం చేస్తారో, దానివల్ల ఒంటికీ కేసుకూ ఏమవుతుందో ముందే వివరించాలి. ఎన్నాళ్లు నిర్బంధంలో ఉన్నాడో, ఎలా విచారించారో మేజిస్ట్రేటు లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు రాత్రులు నిద్రలేని మనిషి చెప్పే ‘సరే’కు విలువెంతో మరి!

సరే, మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాడనుకుందాం. అయినా ఫలితం సాక్ష్యం కాదంది కోర్టు. ఒప్పుకున్నది మెలకువలో ఉన్న మనిషి. జవాబులు చెప్పేనాటికి తన నోరు తన అదుపులో లేదు. అయితే ఆ మాటల ఆధారంగా తర్వాత ఏదైనా వస్తువు దొరికితే దాన్ని కోర్టు ముందు పెట్టవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 27వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షనులో ఉంది.

దీని హద్దు చూపించింది మన గుంటూరు కేసే. స్వాతంత్ర్యానికి ముందు పులుకూరి కోటయ్య కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ‘కొట్టి చంపాం, బల్లెం ఫలానావాళ్ల వాములో దాచాను, వస్తే చూపిస్తాను’ అన్న తీరులో ఉంది పోలీసుల ముందు చెప్పిన వాంగ్మూలం. ‘దాచాను, చూపిస్తాను’ అన్నంతవరకే చెల్లుతుందని, ‘చంపాం’ అన్న ముక్క చెల్లదని తేలింది. వాములో బల్లెం దొరికితే, అది అక్కడుందని అతనికి తెలుసని రుజువైనట్టు. దాంతో ఎవరు పొడిచారన్నది వేరే సాక్ష్యంతో తేల్చాలి. నార్కో తర్వాత దొరికే కత్తికీ ఇదే కొలత.

మిగతా రెండు పరీక్షల్లో మత్తు లేదు, లోపం మాత్రం ఉంది. లై డిటెక్టర్ పట్టేది అబద్ధాన్ని కాదు. నాడి, బీపీ, ఊపిరి, చర్మం మీది చెమట ఎలా మారాయో గీతలు గీస్తుంది. నిరపరాధి భయపడినా గీత ఎగురుతుంది, గుండె దిటవైన నేరస్థుడిది కదలకపోవచ్చు.

బ్రెయిన్ మ్యాపింగ్ ఇంకా చిత్రమైనది. తెలిసిన మాటో బొమ్మో ఎదురైతే దాదాపు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. దాన్ని తలకు తగిలించిన తీగలతో పట్టుకుంటారు. అది గుర్తుపట్టడమే తప్ప, ఎక్కడ తెలిసిందో చెప్పదు. పేపర్లో చదివినా, పోలీసుల నోట విన్నా లేవొచ్చు. 2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు, ప్రసాదంలో విషం కలిపి పాత ప్రియుణ్ని చంపిందన్న కేసులో, ఇతర సాక్ష్యాలతో పాటు ఈ కోవకు చెందిన పరీక్షనూ లెక్కలోకి తీసుకుని యువతికి యావజ్జీవం వేసింది. ఆమె ఆ పరీక్షకు ఒప్పుకునే కూర్చుంది. తర్వాత బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది.

2024లో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రి కేసులో నిందితుడు లై డిటెక్టర్‌కు ఒప్పుకున్నాడు, నార్కోకు ససేమిరా అన్నాడు. సీబీఐ అడిగినా కోర్టు అనుమతివ్వలేదు. 2025 జనవరిలో అతనికి శిక్ష పడింది. అందుకు నార్కో అవసరం రాలేదు, డీఎన్ఏ వంటి ఆధారాలు సరిపోయాయి.