ఏ స్టేట్‌ను వదిలేయాలి?

మోడల్ రిడక్షన్ మీద పనిచేసేవాళ్లందరికీ లాస్ ఏంజెలెస్‌లోని ఒక ఆసుపత్రి భవనం బాగా తెలుసు. వాళ్లు దాన్ని చూసి ఉండకపోవచ్చు, దాని సమీకరణాలు మాత్రం వాడి ఉంటారు. భవనానికి ఎనిమిది అంతస్తులు. ప్రతి అంతస్తూ అటూ ఇటూ రెండు దిశల్లో ఊగుతుంది, తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. అంటే అంతస్తుకు మూడు చొప్పున మొత్తం 24 కదలికలు. ఏ క్షణంలోనైనా భవనం పరిస్థితి చెప్పాలంటే ఒక్కో కదలికకు రెండు సంఖ్యలు కావాలి: ఎంత జరిగింది, ఎంత వేగంతో జరుగుతోంది. అలా వచ్చే 48 సంఖ్యలనే ఆ మోడల్ స్టేట్లు అంటారు. బయటి నుంచి భవనాన్ని కదిలించే బలం ఒకటే. మనం కొలిచేది కూడా ఒకటే, మొదటి కదలిక వేగం. కొత్త పద్ధతి ఎవరు కనిపెట్టినా ముందు ఈ లెక్క మీద ప్రయోగించి చూడటం పరిపాటి.

48 సంఖ్యలు కంప్యూటర్‌కు ఒక లెక్కా అని అడగవచ్చు. కేవలం అనుకరించి చూడటానికైతే లెక్క కాదు. కానీ ప్రసిద్ధమైన కంట్రోలర్ డిజైన్ పద్ధతులు చాలావరకు మోడల్‌కు ఎన్ని స్టేట్లుంటే కంట్రోలర్‌కూ కనీసం అన్ని స్టేట్లు పెడతాయి. ఆ కంట్రోలర్ ఒక చిన్న చిప్ మీద సెకనుకు వందల సార్లు నడవాలి. పైగా 48 అనేది ఈ రంగంలో చిన్న సంఖ్యే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రష్యా మాడ్యూల్ కంపనాల మోడల్‌కు 270 స్టేట్లున్నాయి. కాబట్టి కొన్నింటిని వదిలేయాలి. ఏవి వదలాలన్నదే చిక్కు.

1960లో రుడాల్ఫ్ కాల్మన్ రెండు ప్రశ్నలను గణితంగా మార్చాడు. మొదటిది కంట్రోలబిలిటీ: బయటి నుంచి ఇచ్చే ఇన్‌పుట్‌తో ఫలానా స్టేట్‌ను కదిలించగలమా? రెండోది అబ్జర్వబిలిటీ: ఆ స్టేట్ కదిలితే మనం కొలిచే అవుట్‌పుట్‌లో తెలుస్తుందా? ఆయన ఇచ్చిన పరీక్ష అవును, కాదు అని మాత్రమే చెబుతుంది. వాస్తవంలో పూర్తిగా కాదు అనే స్టేట్ దాదాపు దొరకదు, కొద్దోగొప్పో ప్రతిదీ కదులుతుంది, కొద్దోగొప్పో కనిపిస్తుంది. అందువల్ల ఎంత అన్నది కొలవాలి.

ఆ కొలతలను గ్రామియన్లు అంటారు. కంట్రోలబిలిటీ గ్రామియన్ `P`, అబ్జర్వబిలిటీ గ్రామియన్ `Q`. వ్యవస్థ స్థిరంగా ఉంటే, అంటే తట్టి వదిలేసినప్పుడు తనంతట తాను నెమ్మదిస్తే, ఈ రెండు సమీకరణాల నుంచి అవి వస్తాయి:

```
A P + P A' + B B' = 0
A' Q + Q A + C' C = 0
```

`A` వ్యవస్థ లోపలి నడక. `B` ఇన్‌పుట్ ఎక్కడ తగులుతుందో, `C` అవుట్‌పుట్ ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాయి. ఒక స్థితికి చేరడానికి కనీసం ఎంత శక్తి ఖర్చు పెట్టాలో `P` నుంచి తెలుస్తుంది, `P` పెద్దదైన దిశలో తక్కువ ఖర్చుతో చేరతాం. ఒక స్థితిలో వదిలేస్తే అవుట్‌పుట్‌లో ఎంత శక్తి బయటపడుతుందో `Q` చెబుతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. `P` చూసి, కదలని స్టేట్‌ను కొట్టేద్దామంటారు. లేదంటే `Q` చూసి, కనబడని స్టేట్‌ను కొట్టేద్దామంటారు. రెండూ ఎందుకు తప్పో చేత్తో చేసుకోగల ఒక లెక్కలో చూద్దాం. రెండే స్టేట్లు:

```
x1' = -x1 + 100 u
x2' = -2 x2 + u
y   = 0.001 x1 + x2
```

మొదటి స్టేట్‌కు కంట్రోలబిలిటీ కొలత 100 వర్గాన్ని 2తో భాగిస్తే 5000. రెండో దానికి 1ని 4తో భాగిస్తే 0.25. ఇది మాత్రమే చూసినవాడు `x2`ను నిస్సంకోచంగా తీసేస్తాడు. కానీ స్థిరమైన ఇన్‌పుట్ 1 ఇస్తే అవుట్‌పుట్ చివరికి 0.6 దగ్గర నిలుస్తుంది. అందులో `x1` వాటా 0.1, `x2` వాటా 0.5. అంటే అసలు పని చేసే స్టేట్‌నే తీసేశాడన్నమాట.

ఆ 5000 ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువ భాగం కొలమానం నుంచే. `x1`ను మీటర్లకు బదులు మిల్లీమీటర్లలో రాస్తే దాని `P` విలువ పది లక్షల రెట్లు పెరుగుతుంది, `Q` విలువ పది లక్షల రెట్లు తగ్గుతుంది. వ్యవస్థ మాత్రం ఇసుమంతైనా మారలేదు. విడివిడిగా `P`, `Q` చెప్పేదంతా మనం ఎంచుకున్న కొలమానాల మీద ఆధారపడుతుంది. `P`, `Q`ల గుణకార మాత్రిక ఐగెన్ విలువలు మాత్రం కొలమానం మార్చినా మారవు. వాటి వర్గమూలాలే హాంకెల్ సింగ్యులర్ విలువలు, 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త హెర్మన్ హాంకెల్ పేరు మీద వచ్చినవి.

1981లో బ్రూస్ మూర్ రాసిన వ్యాసం ఈ ముడి విప్పింది. గణాంకశాస్త్రంలోని ప్రిన్సిపల్ కాంపొనెంట్ ఎనాలిసిస్‌ను ఆయన ఇక్కడికి తెచ్చాడు. స్టేట్లను కలిపి కొత్త స్టేట్లుగా రాసుకుంటే, వాటికి `P`, `Q` రెండూ ఒకే వికర్ణ మాత్రిక అయ్యేలా చేయవచ్చు. అప్పుడు ఒక్కో కొత్త స్టేట్ ఎంత సులభంగా కదులుతుందో సరిగ్గా అంతే కనిపిస్తుంది, ఆ ఉమ్మడి విలువే దాని హాంకెల్ విలువ. పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరుసగా పేర్చి, తోకను కోసేయడమే మిగిలిన పని. దీన్ని బ్యాలెన్స్‌డ్ ట్రంకేషన్ అంటారు.

మన లెక్కలో హాంకెల్ విలువలు 0.2953, 0.0047. ఒకటి మరోదానికి అరవై రెట్లకు పైగా పెద్దది, కనుక ఒక స్టేట్ చాలు. కోసిన తర్వాత మిగిలే మోడల్ ఇది:

```
1.089 / (s + 1.844)
```

మొదటి స్టేట్ 1 వేగంతో నెమ్మదించేది, రెండోది 2 వేగంతో. మిగిలినదాని వేగం 1.844, ఈ రెండిట్లో ఏదీ కాదు. `x1`ను గానీ `x2`ను గానీ వదల్లేదు, రెండింటి కలయికలో పనికిరాని దిశను వదిలాం. ఫలితం పోల్చి చూడండి. `x2`ను కొట్టేస్తే 0.6లో 0.5 పోతుంది. కాస్త ఆలోచించి `x1`ను కొట్టేసినా 0.1 పోతుంది, అంటే ఆరో వంతు. బ్యాలెన్స్ చేసి కోస్తే పోయేది 0.0094, ఒకటిన్నర శాతం పైచిలుకు.

ఈ 0.0094 సరిగ్గా 0.0047కు రెట్టింపు. 1984లో డేల్ ఎన్స్, కీత్ గ్లోవర్ విడివిడిగా నిరూపించిన హద్దు ఇదే: ఇన్‌పుట్ ఏ పౌనఃపున్యంలో ఉన్నా, కోసిన హాంకెల్ విలువలన్నీ కూడి రెట్టింపు చేస్తే వచ్చేదాని కంటే తప్పు ఎక్కువ కాదు. మోడల్‌ను కోయకముందే నష్టం ఎంతలోపు ఉంటుందో చెప్పగల పద్ధతులు ఇంజనీరింగ్‌లో ఎక్కువ లేవు. నా మటుకు ఈ పద్ధతి ఇన్నేళ్లు నిలబడటానికి ఈ హద్దే ముఖ్య కారణం.

మ్యాట్‌ల్యాబ్‌లో ఇదే లెక్క చేసేవాళ్లకు ఒక హెచ్చరిక.

```
G  = ss([-1 0;0 -2],[100;1],[0.001 1],0);
hsvd(G)
op = balredOptions('StateElimMethod','Truncate');
Gr = balred(G,1,op);
```

ఆ `op`ను ఇవ్వకుండా పిలిస్తే `balred` కోయడానికి బదులు ఇంకో పని చేస్తుంది. చిన్న స్టేట్ వెంటనే సర్దుకుపోయిందని భావించి, దాని నిలకడ విలువను మోడల్‌లో కలుపుతుంది. అప్పుడు స్థిరమైన ఇన్‌పుట్‌కు జవాబు కచ్చితంగా 0.6 వస్తుంది. తప్పు మాయం కాదు, అతి వేగంగా మారే ఇన్‌పుట్ల వైపు జరుగుతుంది. నెమ్మదైన ప్రవర్తన ముఖ్యమైతే ఇది మేలు. ఏది అడిగామో తెలియకుండా రెండు ఫలితాలను పోల్చి బుర్ర గోక్కునేవాళ్లే ఎక్కువ.

మళ్లీ ఆసుపత్రి దగ్గరికి. మన చిన్న లెక్కలోలా అక్కడ విలువలు ఒక్కసారిగా పడిపోవు. డ్యాంపింగ్ తక్కువైన భవనాల్లో ఒక్కో ఊగులాట చాలాసేపు సాగుతుంది కాబట్టి హాంకెల్ విలువలు మెల్లగా, మెట్లు దిగినట్టు తగ్గుతాయి. అంతేకాదు, దాదాపు సమానంగా జతలు జతలుగా వస్తాయి. ఒక ఊగులాటకు స్థానం, వేగం రెండూ కావాలి గనుక ఒక్కో జత ఒక్కో ఊగులాటకు చెందుతుంది. ఊగులాట పౌనఃపున్యం `ω`, డ్యాంపింగ్ `ζ`, బలం తగిలే తీవ్రత `b`, వేగం కొలతలో కనిపించే తీవ్రత `c` అనుకుంటే ఆ జత విలువ సుమారుగా ఇంత:

```
σ ≈ |b c| / (4 ζ ω)
```

లవంలో `b`, `c` గుణించుకుని ఉన్నాయి చూడండి. ఎంత గట్టిగా ఊగే కదలికైనా, సెన్సర్ దాని కదలని బిందువు మీద పెడితే `c` సున్నా అవుతుంది, విలువ పడిపోతుంది. జతను మధ్యలో కోయకూడదన్నది కూడా దీన్నుంచే తేలుతుంది. జతలో ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలిన ఒంటరి స్టేట్ ఊగలేదు. కోసిన మోడల్ స్థిరంగానే ఉంటుందన్న సిద్ధాంతం కూడా కోసే చోట రెండు విలువల మధ్య తేడా ఉండాలని కోరుతుంది. అందుకే భవనాల మోడళ్లలో సరి సంఖ్య దగ్గర, విలువల మధ్య ఎడం కనిపించే చోట కోస్తారు. తర్వాత అసలు మోడల్, కోసిన మోడల్ పౌనఃపున్య వక్రరేఖలను ఒకే బొమ్మలో గీస్తారు. ఎక్కడైనా ఒక శిఖరం మాయమైతే కనబడుతుంది.

అలా తయారైన చిన్న మోడల్‌ను ఎనిమిదో అంతస్తు ఎంత ఊగుతుందని అడిగితే జవాబుకు ఏ హామీ ఉండదు. మొదటి కదలిక వేగం ఒక్కటే కొలతగా పెట్టుకుని కోశాం, ఆ కొలతకు కనబడనివన్నీ పోయాయి. అందులో ఎనిమిదో అంతస్తుకు కావలసినవి ఉండి ఉండవచ్చు. హద్దు కూడా మనం ఎంచుకున్న ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకే వర్తిస్తుంది. పై అంతస్తు కూడా కావాలంటే దాన్ని `C`లో చేర్చి లెక్క మొదటి నుంచి చేయాలి, అప్పుడు మిగలాల్సిన స్టేట్ల సంఖ్య మామూలుగా పెరుగుతుంది. కొత్త స్టేట్లకు ఫలానా అంతస్తు, ఫలానా స్తంభం అన్న అర్థం కూడా ఉండదు.

అసలే స్థిరంగా లేని వ్యవస్థలకు ఈ గ్రామియన్లు ఉండవు. అస్థిర భాగాన్ని విడదీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని మాత్రమే కుదిస్తారు. పరిమాణం ఇంకో అడ్డంకి. లక్ష స్టేట్ల మోడల్‌కు ఒక గ్రామియన్‌లో వెయ్యి కోట్ల సంఖ్యలుంటాయి, దాచడానికే 80 గిగాబైట్లు. కాబట్టి పెద్ద మోడళ్లలో పూర్తి గ్రామియన్‌ను ఎప్పుడూ కట్టరు. దాని విలువలు త్వరగా పడిపోతే కొద్ది నిలువు వరుసల సన్నని మాత్రికతోనే `P`ని దాదాపుగా రాయవచ్చు, ఆ సన్నని మాత్రికనే నేరుగా లెక్కిస్తారు. డ్యాంపింగ్ బాగా తక్కువైన నిర్మాణాల్లో ఆ వరుసలు పెరుగుతూనే పోతాయి.