కత్తిరించిన చివరి ముక్క

ఎడిటర్ గారు పని ఒక్క ముక్కలో చెప్పేశారు. పళవేర్కాడులో ఎనిమిదో తరగతి పిల్లల ముందు వాట్సాప్ మెసేజ్ ఒకటి పెడితే, అది నమ్మదగ్గదో కాదో వాళ్లే తేల్చుకునేలా పాఠం ఎలా తయారుచేయాలి? ముఖచిత్ర కథనం, శుక్రవారానికి కాపీ.

ఇలాంటి పాఠాల మీద నాకు పెద్దగా గురి లేదు. అవగాహన సదస్సుల్లో గోడకు అతికించే జాబితా చాలామంది చూసే ఉంటారు. అక్షరదోషాలుంటే అనుమానించు, ఆశ్చర్యార్థకాలు ఎక్కువైతే అనుమానించు, 'అందరికీ పంపండి' అని ఉంటే అనుమానించు. ఈ లెక్కన తీరంలో తుపాను ముందురోజు తిరిగే నిజమైన హెచ్చరికల్లో సగం అబద్ధాలే అవ్వాలి. బోటు మీద కూర్చుని బొటనవేలితో కొట్టిన మెసేజ్‌లో దోషాలు కాక ఏముంటాయి?

పళవేర్కాడునే ఎందుకు ఎంచుకున్నామో రెండు మాటల్లో చెప్పేస్తాను. తిరువళ్లూరు జిల్లాలో, ఆంధ్రకూ తమిళనాడుకూ ఉమ్మడిగా ఉన్న సరస్సు ఒడ్డున ఊరిది. డచ్చివాళ్లు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. తెలుగు, తమిళం రెండూ వినిపించే సీమ, స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. 2018 మే 9న, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు ముదిరి, ఇక్కడ ఒక మనిషిని గుంపు కొట్టి చంపి వంతెనకు వేలాడదీసింది. అదే రోజు తిరువణ్ణామలై జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక వృద్ధురాలినీ చంపారు. రెండు వారాలకు బెంగళూరులో మరొకరు. జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులపై మార్గదర్శకాలిచ్చింది; అదే నెలలో వాట్సాప్ భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. చరిత్ర ఇంతవరకు చాలు.

నన్ను పట్టి ఆపింది ఆ పుకార్లతోపాటు బెంగళూరు సహా చాలాచోట్ల తిరిగిన ఒక వీడియో. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరొస్తారు. వాళ్లలో ఒకడు వంగి చిన్న పిల్లవాణ్ణి లాక్కుంటాడు, బండి దూసుకుపోతుంది, మిగతా పిల్లలు వెంట పరిగెడతారు. అచ్చం సీసీ కెమెరాలో పడిన దృశ్యంలా ఉంటుంది. చూసిన తల్లికి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతుంది.

ఆ వీడియో కరాచీది. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో బండి వెనక్కి తిరిగి వస్తుంది, పిల్లవాణ్ణి దించుతుంది, బండి మీది మనిషి ఒక అట్ట విప్పి కెమెరాకు చూపిస్తాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి క్షణం చాలు, మీ పిల్లల మీద కన్నేసి ఉంచండి అన్నది దాని సారాంశం. ఎవరో ఆ చివరి ముక్కను కోసేశారు. చేసిందల్లా అంతే. ఒక్క దృశ్యమూ కల్పించలేదు, ఒక్క అక్షరమూ తప్పు రాయలేదు. గోడ మీది జాబితా పట్టుకుని ఈ వీడియోను ఎంతసేపు చూసినా దొరికేదేమీ లేదు, ఎందుకంటే లోపం వీడియో లోపల లేదు, బయట ఉంది.

అందుకే పాఠానికి ఇరుసుగా దీన్నే ఎంచుకున్నాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్రకారుల్నీ, విద్యార్థుల్నీ, నిజనిర్ధారణ చేసేవాళ్లనీ ఒకే వెబ్ పేజీల ముందు కూర్చోబెట్టారు. మొదటి రెండు జట్లలో చాలామంది పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదివారు. మూడో జట్టు కాసేపటికే పేజీ వదిలేసి, దాన్ని పెట్టినవాళ్ల గురించి ఇతరులేమంటున్నారో వెతికింది, త్వరగా తేల్చింది. బడి పిల్లలకు నేర్పాల్సింది ఆ బయటికి వెళ్లడమే.

ఇక పిరియడ్‌లోకి వద్దాం. నలభై ఐదు నిమిషాలు, పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, టీచరు దగ్గర ఒకటి ఉంటుంది. బల్ల మీద మూడు కార్డులు. ఒకటి ఆ కత్తిరించిన వీడియోలోని నాలుగు దృశ్యాల అచ్చు, కింద 'మన పక్క ఊరే, జాగ్రత్త' అన్న రాత. రెండోది ఒక వాయిస్ మెసేజ్‌ను కాగితం మీద పెట్టింది: 'నిన్న రాత్రి బస్టాండు దగ్గర ఒకణ్ణి పట్టుకున్నారు, ఇంకా చాలామంది దిగారంట, పిల్లల్ని బయటికి పంపకండి.' మూడోది తుపాను హెచ్చరిక: చేపల వేటకు వెళ్లరాదని, ఎవరో సొంత మాటల్లో, తప్పులతో, రెండు బాణాల గుర్తుతో పంపింది. మొదటి రెండు కార్డుల మాటలు పాఠం కోసం నేను రాసినవి. మూడో కార్డుకు మాత్రం నిజంగా జరిగినదే ఆధారం కావాలి, 2023 డిసెంబరు తొలి రోజుల మిచౌంగ్ తుపాను అందుకు సరిపోతుంది.

మొదటి పని మాట్లాడకుండా చేయాలి. ప్రతి పిల్లా పిల్లవాడూ చీటీ మీద ఒక్కో కార్డుకు సున్నా నుంచి పదిలోపు నమ్మకం మార్కు వేసి, కారణం ఒక్క వాక్యం రాయాలి. ముందు చర్చ పెడితే తరగతిలో గట్టిగా మాట్లాడేవాడి మార్కే అందరి మార్కూ అవుతుంది. చీటీలు టీచరు దాచిపెట్టుకుంటారు, అవి చివర్లో మళ్లీ కావాలి.

వీడియో కార్డుకు దారి ఇది. బండి, పిల్లవాడు ఇద్దరూ స్పష్టంగా కనిపించే దృశ్యం దగ్గర ఆపి స్క్రీన్‌షాట్ తీయాలి. పైనా కిందా ఉన్న రాతలు కత్తిరించాలి, లేకపోతే వెతుకులాట ఆ రాతల వెంట పడుతుంది. గూగుల్ లెన్స్‌లో పెట్టాలి. ఏమీ రాకపోతే ఇంకో దృశ్యం, అదీ రాకపోతే 'కిడ్నాప్, బైక్, వీడియో, నిజమా' అని మాటలు కలిపి వెతకాలి. ఈ వీడియో మీద బూమ్, ఆల్ట్ న్యూస్ వంటి నిజనిర్ధారణ సంస్థలు 2018లోనే రాశాయి. ఫలితాల్లో పిల్లలు చూడాల్సినవి రెండే: అందరికంటే ముందు ఇది ఎక్కడ కనిపించింది, ఆ పాత ప్రతి ఇంకా ముందుకు నడుస్తుందా? చివరి ముక్క దొరికే చోటు ఆ రెండో ప్రశ్న.

వాయిస్ మెసేజ్ దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ పిల్లలతో వాక్యాన్ని ముక్కలు చేయించాలి. ఏ ఊరి బస్టాండు? ఏ తేదీ? ఎవరు పట్టుకున్నారు, ఏ స్టేషన్‌లో అప్పగించారు? 'నిన్న' అన్న మాట మీద కాసేపు ఆగాలి. గొంతులో చెప్పిన నిన్నకు తేదీ ఉండదు, ఆరు నెలల తర్వాత విన్నవాడికీ అది నిన్నే. ముక్కల్లో ఏదీ సరిచూసే వీలు లేకపోతే తీర్పు 'అబద్ధం' అని రాయించకూడదు. 'తేలలేదు' అని రాయించాలి, దాని పక్కనే 'పంపను' అని. నిజంగా భయపడాల్సిందేమో అనిపిస్తే పిల్లల సహాయానికి 1098, పోలీసులకు 112 ఉన్నాయి. గ్రూపు మాత్రం అందుకు తగిన చోటు కాదు.

మూడో కార్డు దగ్గర తరగతి సాధారణంగా బోల్తా పడుతుంది. అప్పటికే రెండు కార్డులు నిలబడలేదు కాబట్టి ఇదీ నిలబడదనుకుంటారు. రెండు బాణాల గుర్తు అబద్ధానికి ముద్ర కాదనీ, అది చాలా చేతులు మారి వచ్చిందని మాత్రమే చెబుతుందనీ ఇక్కడే చెప్పాలి. పైగా ఎవరైనా మాటల్ని కాపీ చేసి కొత్తగా పెడితే ఆ గుర్తే ఉండదు. మిచౌంగ్ విషయంలో వాతావరణ శాఖ ప్రకటనల్లో తుపాను కదలిక, గాలి వేగం, ఏ తీరంలో వేటకు వెళ్లకూడదన్నదీ ఉండేవి. డిసెంబరు 5న ఆ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పిల్లలు కార్డులోని మాటను ఆ రోజుల ప్రకటనతోనూ పత్రికలతోనూ పోల్చి చూస్తారు. ఇవాళ వచ్చిన మెసేజ్ అయితే mausam.imd.gov.in, రేడియో, రేవు దగ్గర ఎగరేసిన ప్రమాద సూచిక.

చీటీలు మళ్లీ రాయించినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. వీడియోకు సగటు మార్కు ఎనిమిది నుంచి రెండుకు పడిందనుకుందాం. తుపాను హెచ్చరికకు కూడా ఏడు నుంచి మూడుకు పడితే, ఆ పిరియడ్ విఫలమైనట్టే. ఏదీ నమ్మని పిల్లవాణ్ణి తయారుచేశాం, తీరంలో అది మరింత ప్రమాదం. రెండు మార్కుల మధ్య దూరం పెరిగిందా అన్నదే చూడాల్సింది.

ఇంకో జాగ్రత్త ఈ ఊరికి ప్రత్యేకం. 2018 కేసులో పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. వాళ్ల ఇళ్ల పిల్లలు ఈ తరగతి బెంచీల మీదే ఉండొచ్చు. కాబట్టి పాఠం వంతెనతో మొదలుపెట్టకూడదు, ఆ దాడి దృశ్యాలు అసలే చూపకూడదు. కరాచీ దూరం కాబట్టే పనికొస్తుంది. పిల్లలెవరైనా తామే ఊరి సంగతి ఎత్తితే పేర్లు లేకుండా మాట్లాడాలి. కత్తిరించిన వీడియోను కూడా ఫైలుగా ఎవరి చేతికీ ఇవ్వకూడదు, సాయంత్రానికి అది మళ్లీ గ్రూపుల్లో ఉంటుంది.

బాక్సు: రేపు రాత్రి సునామీ?

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం మన గడియారంలో ఉదయం 6.29కి వచ్చింది. అలలు చెన్నై తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. సునామీ హెచ్చరిక అనేది భూకంపం వచ్చాకే పుడుతుంది, 2007 నుంచి ఆ పని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ చూస్తోంది. 'సాయంత్రం నాలుగింటికి అల' అన్న మెసేజ్ నిజమే కావొచ్చు, దానికి ముందు ఎక్కడో భూకంపం వచ్చి ఉంటే. 'రేపు రాత్రి' అంటే మాత్రం భూకంపం తేదీని ముందే చెప్పినట్టు, అది ఎవరి చేతా కాదు.

బాక్సు: పక్క రాష్ట్రాల్లో

కేరళలోని కన్నూరులో కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ హయాంలో 150 ప్రభుత్వ బడుల్లో 'సత్యమేవ జయతే' పేరుతో ఇలాంటి తరగతులు పెట్టారు. టీకాల మీద పుకార్లు అందుకు ఒక కారణం. 2018లో తెలంగాణలో పార్థీ ముఠాల పుకారు లేచినప్పుడు, గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపి, డప్పు పాటలతో చెప్పించారు.

ఒక్క పిరియడ్ సరిపోతుందా?

సరిపోదు. నా అనుమానానికి బలం బీహార్ నుంచి వచ్చింది. 2019 ఎన్నికల వేళ సుమిత్రా బద్రీనాథన్ గయలో ఇంటింటికీ వెళ్లి సుమారు గంట పాఠం చెప్పించారు. పుకార్లను గుర్తించే శక్తి సగటున పెరగలేదు. తర్వాత ఆమె, సహచరులు అదే రాష్ట్రంలో 583 గ్రామాల్లో, ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా 13,500 మంది పిల్లలతో, పద్నాలుగు వారాల వ్యవధిలో పాఠాన్ని నాలుగు తరగతులుగా నడిపారు. ఈసారి మార్పు కనబడింది, నాలుగు నెలల తర్వాతా నిలిచింది, కొంత తల్లిదండ్రులకూ పాకింది.

కాబట్టి పైన చెప్పిందాన్ని మొదటి పిరియడ్ అనుకోండి. మూడు వారాల తర్వాత రెండోది, అప్పుడు కార్డులు టీచరు తేరు. ఇంట్లో పెద్దల ఫోన్లో వచ్చిన మెసేజ్‌ను పిల్లలే కాగితం మీద రాసుకొస్తారు, పంపినవాళ్ల పేరు తీసేసి. తెలుగులో నెల్లూరు పేరుతో వచ్చినదీ, తమిళంలో తిరువళ్లూరు పేరుతో వచ్చినదీ పక్కపక్కన పెడితే, ఊరి పేరు తప్ప మిగతాదంతా ఒకటే అని వాళ్లకే తెలిసే అవకాశం ఉంది. మూడోది వాయిస్ మెసేజ్‌లకు, నాలుగోది వేట హెచ్చరికలకు. ప్రతిసారీ కార్డుల్లో కనీసం ఒకటి నిజమైనది ఉండాలి, అది ఎన్నోదో ముందే చెప్పకూడదు.