కార్డు యంత్రానికి చేరని ఆమోద సంకేతం
నిమ్మనపల్లెలో ఒక ఎరువుల దుకాణంలో రైతు డెబిట్ కార్డుతో రూ.850 చెల్లించే సందర్భాన్ని తీసుకుంటే, అతడు నొక్కిన పిన్‌ను యంత్రం ఆ ఒక్క లావాదేవీకే పనికివచ్చే తాళంతో గూఢలిపిగా మారుస్తుంది. ఆ అభ్యర్థన దుకాణదారుని బ్యాంకుకు, అక్కడినుండి కార్డు నెట్‌వర్కు మీదుగా రైతు బ్యాంకుకు చేరుతుంది. ఆ బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గించి, ఆరు అక్షరాల ఆమోద సంకేతాన్ని పంపుతుంది.

చిక్కంతా తిరుగు దారిలోనే. సంకేతం చేరేలోగా సిగ్నల్ తెగితే సొమ్ము తగ్గుతుంది గాని రసీదు రాదు. గడువు దాటాక యంత్రం ఆ లావాదేవీకి రద్దు సందేశాన్ని సిద్ధం చేసి, సిగ్నల్ వచ్చాక పంపుతుంది. కనుక రైతు ఫోనుకు వచ్చిన సందేశాన్ని మాత్రమే నమ్మి సరుకిస్తే దుకాణదారుడే నష్టపోతాడు. రద్దు సందేశం కూడా అందకుంటే, 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం లావాదేవీ తర్వాత ఐదు రోజులలో సొమ్ము దానంతటదే రైతు ఖాతాకు తిరిగి జమ కావాలి. ఆపై ఆలస్యానికి రోజుకు రూ.100 పరిహారం.