వర్గమూలం మీట నొక్కుతూ పోతే

కాల్క్యులేటర్‌లో 2 కొట్టి, వర్గమూలం మీటను పదిసార్లు నొక్కితే తెర మీద దాదాపు 1.000677 కనిపిస్తుంది. అందులోంచి 1 తీసేసి, మిగిలినదాన్ని 1024తో గుణిస్తే 0.6934 వస్తుంది. 2కు సహజ సంవర్గమానం 0.6931. మీట మీద ఎక్కడా లాగ్ అని లేదు, అయినా లాగ్ వచ్చేసింది!

పదిసార్లు వర్గమూలం తీయడమంటే 2ను 1/1024 ఘాతానికి పెంచడమే. అంటే జరిగింది (aˣ − 1)/x లెక్క. ఇక్కడ x విలువ 1/1024. హెన్రీ బ్రిగ్స్ 1624లో అచ్చేసిన సంవర్గమాన పట్టికల కోసం 10కి ఇలాగే వరసగా 54 వర్గమూలాలు తీశాడు, అదీ చేత్తో.

ఇంతకీ లాగే ఎందుకు రావాలి? x సున్నాకు చేరువవుతుంటే (eˣ − 1)/x విలువ సరిగ్గా 1కి చేరుతుంది. E అనే సంఖ్యను ఎంచుకున్నదే అందుకు. ఇక 2ను e^c అని రాస్తే, ఆ c పేరే సహజ సంవర్గమానం. అప్పుడు 2ˣ అంటే e^(cx). కాబట్టి

(2ˣ − 1)/x = c × (e^(cx) − 1)/(cx)

x తగ్గితే cx కూడా తగ్గుతుంది, కుడివైపు భిన్నం 1 అవుతుంది. మిగిలేది c ఒక్కటే.

మరింత కచ్చితత్వం కోసమని ఎనిమిదంకెల కాల్క్యులేటర్‌లో మీటను ఇరవైసార్లు నొక్కితే మాత్రం బెడిసికొడుతుంది. 1 తీసేశాక 0.0000006 లాంటి ఒంటి అంకె మిగులుతుంది. దాన్ని 10,48,576తో గుణిస్తే 0.63!