పిరమిడ్ అంచు నేలతో చేసే కోణమెంత?

ఈజిప్టులో, గీజా దగ్గరున్న ఖుఫు పిరమిడ్ అడుగు చతురస్రం. ఒక్కో భుజం దాదాపు 230.3 మీటర్లు. కట్టిననాటి ఎత్తు సుమారు 146.6 మీటర్లు. దాని వాలు ఎంత అంటే పుస్తకాలు దాదాపు 52 డిగ్రీలని చెబుతాయి. అది ముఖం వాలు, అంటే ఒక భుజం మధ్య నుంచి తిన్నగా శిఖరానికి పోయే దారి వాలు. మరి రెండు ముఖాలు కలిసే అంచు సంగతేమిటి? మూల నుంచి శిఖరం దాకా సాగే ఆ గీత నేలతో ఎంత కోణం చేస్తుంది?

చూడ్డానికి తేలిక ప్రశ్నే, కానీ ఇందులో ఒక చిక్కుంది. కోణం రెండు గీతల మధ్య ఉంటుంది. నేల గీత కాదు, తలం. పిరమిడ్ మూల గుండా నేల మీద లెక్కలేనన్ని గీతలు గీయొచ్చు. అంచు వాటిలో ఒక్కోదానితో ఒక్కో కోణం చేస్తుంది. అడుగు భుజంతో కొలిస్తే 58 డిగ్రీలు వస్తుంది. మూలలో, అడుగు కర్ణానికి లంబంగా గీసిన గీతతో కొలిస్తే 90 డిగ్రీలు. వీటిలో ‘నేలతో కోణం’ అనదగ్గది ఏది?

గణితం ఇందుకు ఒకే ఒక గీతను ఎంచుకుంది. అది అంచు తాలూకు విక్షేపం. అంచు మీది ప్రతి బిందువు నుంచీ నేలకు నిట్టనిలువుగా లంబం దించితే, ఆ లంబాలు నేలను తాకిన చోట్లన్నీ కలిసి ఒక గీత అవుతాయి. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు వాలుగా పెట్టిన కర్ర నీడ పడేది ఆ గీత మీదే. హైదరాబాద్‌లో అలాంటి మధ్యాహ్నాలు ఏడాదికి రెండు వస్తాయి, ఒకటి మే నెలలో, రెండోది ఆగస్టులో. గీజా కర్కట రేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడు. అక్కడ విక్షేపాన్ని లెక్కతోనే కనుక్కోవాలి.

ఆ లెక్క ఇలా సాగుతుంది. శిఖరం నుంచి దించిన లంబం అడుగు చతురస్రం కేంద్రంలో పడుతుంది. మూల నేల మీదే ఉంది కాబట్టి దాని విక్షేపం అదే బిందువు. కనుక మూల నుంచి కేంద్రం దాకా ఉన్న గీత, అంటే అడుగు కర్ణంలో సగం, అంచుకు విక్షేపం. పూర్తి కర్ణం 230.3 × 1.414, అంటే సుమారు 325.6 మీటర్లు. అందులో సగం 162.8 మీటర్లు.

ఇప్పుడు మూల, కేంద్రం, శిఖరం కలిపితే లంబకోణ త్రిభుజం వచ్చింది. ఎత్తు 146.6, నేల మీది దూరం 162.8.

tan θ = 146.6 / 162.8 ≈ 0.90

θ ≈ 42°

అంచు నేలతో చేసే కోణం 42 డిగ్రీలు. ముఖం కన్నా అంచు పది డిగ్రీలు తక్కువ వాలు. కాకపోతే ముఖం మీది దారి 186 మీటర్లయితే, అంచు పొడవు 219 మీటర్లు.

విక్షేపాన్నే ఎందుకు ఎంచుకోవాలి? మూల గుండా నేల మీద ఏ గీతనైనా తీసుకుని, శిఖరం నుంచి దానికి లంబం గీయండి. ఆ లంబం పొడవును అంచు పొడవు 219తో భాగిస్తే ఆ కోణం సైన్ విలువ వస్తుంది. అడుగు భుజానికైతే ఆ లంబం 186 మీటర్లు. అందుకే అక్కడ 58 డిగ్రీలు వచ్చింది. శిఖరం నుంచి నేలకు అన్నిటికన్నా దగ్గరి దూరం 146.6 మీటర్లే కాబట్టి, ఏ లంబమూ అంతకన్నా పొట్టిది కాలేదు. గీత కేంద్రం గుండా పోయినప్పుడే ఆ కనిష్ఠం దక్కుతుంది. అంటే అంచు నేల మీది గీతలతో చేసే కోణాలన్నిటిలో చిన్నది విక్షేపంతో చేసే కోణమే.

తప్పు పట్టుకోవడానికి కూడా ఈ గుణమే పనికొస్తుంది. తలంలోని ఏదో ఒక గీతతో అంతకన్నా చిన్న కోణం కనిపిస్తే, విక్షేపం సరిగా దొరకలేదన్నమాట. విద్యార్థులు తరచూ పడే పొరపాటు మరొకటుంది. తలానికి నిలువుగా ఉండే అభిలంబంతో కోణం కనుక్కుని అదే జవాబని రాసేస్తారు. ఇక్కడ అలా చేస్తే 48 వస్తుంది. దాన్ని 90 లోంచి తీసేస్తేనే అసలు కోణం 42 తేలుతుంది.

గీత తలానికి నిట్టనిలువుగా ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి ఆగిపోతుంది. అప్పుడు విక్షేపం ఒక్క బిందువుగా కుంచించుకుపోతుంది, కోణం కొలవడానికి రెండో గీతే ఉండదు. అందుకే ఆ సందర్భంలో కోణం 90 డిగ్రీలని నిర్వచనంలోనే విడిగా చెబుతారు.